తిరుపతి పగటి పొడవుకు సైన్ వక్రం గీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్, డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు కోసం త్రికోణమితి ప్రమేయాలు తీసుకున్నప్పుడు జెయింట్ వీల్, సముద్రపు పోటుపాటు, పగటి పొడవు అనే మూడు విషయాలే ఎక్కువగా ఎంచుకుంటారు. తిరుపతిలో ఉన్నవాళ్లకు నేను పగటి పొడవునే తీసుకోమని చెబుతాను. డేటా సులువుగా దొరుకుతుంది, ఫలితాన్ని సరిచూసుకోవడం సులువు, పైగా ప్రతి సంఖ్య వెనుకా ఒక కారణం ఉంటుంది. పిల్లలు, వాళ్ల అధ్యాపకులు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఏ డేటా తీసుకోవాలి? ఎన్ని రోజులది కావాలి?

365 రోజుల డేటా అక్కర్లేదు. నెలకు ఒక రోజు చొప్పున 12 విలువలు చాలు, కాకపోతే అవి ఏడాది పొడవునా పరుచుకుని ఉండాలి. ప్రతి నెలా 15వ తేదీన తిరుపతిలో సూర్యోదయం, సూర్యాస్తమయం ఎప్పుడో చూసి, రెండింటి తేడాను నిమిషాల్లోకి మార్చండి. గంటలు, నిమిషాలు కలిపి రాసుకుంటే తర్వాత ఎక్కడో ఒకచోట 11.30ని పదకొండున్నరగా కాక 11.3 గంటలుగా, అంటే 11 గంటల 18 నిమిషాలుగా లెక్క కట్టేస్తారు. అందుకే మొదటి నుంచీ నిమిషాల్లోనే ఉండండి. తిరుపతి అక్షాంశం సుమారు 13.6 డిగ్రీల ఉత్తరం. దానికి విలువలు దాదాపు ఇలా వస్తాయి. ఇందులో n అంటే జనవరి 1ని ఒకటిగా లెక్కించినప్పుడు ఆ రోజు ఎన్నోది అని.

| తేదీ | n | పగలు (నిమిషాల్లో) |
|---|---|---|
| జనవరి 15 | 15 | 684 |
| ఫిబ్రవరి 15 | 46 | 702 |
| మార్చి 15 | 74 | 723 |
| ఏప్రిల్ 15 | 105 | 746 |
| మే 15 | 135 | 765 |
| జూన్ 15 | 166 | 776 |
| జులై 15 | 196 | 771 |
| ఆగస్టు 15 | 227 | 755 |
| సెప్టెంబర్ 15 | 258 | 733 |
| అక్టోబర్ 15 | 288 | 710 |
| నవంబర్ 15 | 319 | 690 |
| డిసెంబర్ 15 | 349 | 680 |

ఇంట్లో పంచాంగం ఉంటే అందులో పగటి ప్రమాణం ఘడియలు, విఘడియల్లో ఉంటుంది. ఘడియకు 24 నిమిషాలు, విఘడియకు 24 సెకన్లు. జూన్‌లోని 776 నిమిషాలంటే 32 ఘడియల 20 విఘడియలు. పంచాంగం నుంచి తీసుకోవడం మంచి పనే, కానీ అది ఏ ఊరికి లెక్కకట్టినదో ముందు పేజీల్లో చూసుకోండి.

సూర్యోదయ సమయం ఒక్కటే తీసుకుంటే సరిపోదా?

సరిపోదు. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. అతి చిన్న పగలు డిసెంబర్ 21 ప్రాంతంలో వస్తుంది కాబట్టి సూర్యుడు అతి ఆలస్యంగా ఉదయించేది కూడా ఆ రోజే అనుకుంటారు. తిరుపతిలో డిసెంబర్ 21న సూర్యోదయం సుమారు 6.31కి అయితే, జనవరి 22 ప్రాంతంలో సుమారు 6.40కి. అంటే పగలు పెరుగుతూ ఉన్న నెల రోజుల్లో సూర్యోదయం ఇంకా తొమ్మిది నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అదెలాగంటే, సూర్యుడు నడినెత్తికి వచ్చే సమయం గడియారం ప్రకారం ఏడాదంతా ఒకేలా ఉండదు. భూమి కక్ష్య కొంచెం సాగిన వృత్తం, భూమి అక్షం ఏమో వాలి ఉంటుంది. ఈ రెండింటి వల్ల మధ్యాహ్నం ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటుంది. జనవరిలో అది రోజురోజుకూ ఆలస్యమవుతుంది కాబట్టి సూర్యోదయాన్నీ సూర్యాస్తమయాన్నీ రెండింటినీ వెనక్కి లాగుతుంది.

సూర్యాస్తమయంలోంచి సూర్యోదయాన్ని తీసేస్తే ఆ జరుగుడు రెండు వైపులా ఒకేలా ఉండి కొట్టేసుకుపోతుంది. మిగిలేది పగటి పొడవు, అది సైన్ వక్రానికి చక్కగా సరిపోతుంది. సూర్యోదయ సమయాలకే సైన్ గీస్తే శిఖరం ఒక పక్కకు ఒరిగి, ఎంత సర్దినా కుదరదు.

నేనే మేడ మీద నిలబడి చూసి రాసుకుంటే ఎలా ఉంటుంది?

చూడండి, చాలా బాగుంటుంది. కానీ ఆ సమయాలను డేటాగా వాడే ముందు మీ దిగంతం ఎలా ఉందో గమనించండి. తిరుపతికి ఉత్తరాన, వాయవ్యాన శేషాచలం కొండలున్నాయి. జూన్‌లో సూర్యుడు సరిగ్గా పడమర దిక్కున అస్తమించడు, దానికి దాదాపు 24 డిగ్రీలు ఉత్తరంగా అస్తమిస్తాడు. డిసెంబర్‌లో అంతే దూరం దక్షిణంగా. మీ మేడ మీది నుంచి ఆ జూన్ వైపు కొండ అంచు రెండు డిగ్రీలు పైకి లేచి ఉంటే, అసలు అస్తమయానికి దాదాపు తొమ్మిది నిమిషాల ముందే సూర్యుడు కొండ వెనక్కి పోతాడు. ఒక్క డిగ్రీకి సుమారు నాలుగున్నర నిమిషాలు లెక్క వేసుకోవచ్చు. చేయి పూర్తిగా చాచి చిటికెన వేలు అడ్డం పెడితే అది సుమారు ఒక డిగ్రీని కప్పుతుంది, అలా కొలుచుకోండి.

దీనివల్ల వేసవి విలువలు మాత్రమే తగ్గి, చలికాలం విలువలు అలాగే ఉండిపోతాయి. అప్పుడు వక్రం పైభాగం చదునుగా అణిగినట్టు కనిపిస్తుంది. అలా కనిపిస్తే సూత్రాన్ని అనుమానించకండి, కొండను లెక్కలోకి తీసుకోండి.

సూత్రంలోని సంఖ్యలను చేత్తో ఎలా కనుక్కోవాలి?

సూత్రం రూపం ఇది:

```
D(n) = m + A * sin( 2π/365 * (n - c) )
```

m మధ్యరేఖ. అత్యధిక విలువ 776, అత్యల్ప విలువ 680 కలిపి సగం చేస్తే 728. A కంపన పరిమితి, అంటే మధ్యరేఖ నుంచి శిఖరం దాకా ఉండే ఎత్తు. ఆ రెండు విలువల తేడాలో సగం, 48. ఆవర్తన కాలం 365 రోజులు. మిగిలింది c, వక్రం మధ్యరేఖను కింది నుంచి పైకి దాటే రోజు. మార్చి 21న పగలూ రాత్రీ సమానమని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం కాబట్టి, ఆ రోజు n అయిన 80ని c గా పెట్టి మొదలుపెడదాం.

```
D(n) = 728 + 48 * sin( 2π/365 * (n - 80) )
```

జనవరి 15కి ఇది 684.8 ఇస్తుంది, అసలు విలువ 684. ఆగస్టు 15కి 755.5, అసలు 755. మొదటి ప్రయత్నానికి ఇది చాలా మంచి ఫలితం. చాలా ప్రాజెక్టులు ఇక్కడితో ఆగిపోతాయి. నా దృష్టిలో అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు కనిపిస్తే చాలదు. ప్రతి తేదీకీ అసలు విలువలోంచి సూత్రం ఇచ్చిన విలువను తీసేసి, ఆ తేడాలను వరుసగా రాయండి. పైన ఉన్న సూత్రానికి ఏప్రిల్, మే నెలల్లో తేడా మైనస్ 2 నిమిషాలు. సెప్టెంబర్‌లో ప్లస్ 1.3, అక్టోబర్‌లో ప్లస్ 2.4, నవంబర్‌లో ప్లస్ 1.7. రెండు నిమిషాలు పెద్ద విషయం కాదనిపిస్తుంది. కానీ గుర్తులు చూడండి. పగలు పెరిగే నెలల్లో మైనస్, తగ్గే నెలల్లో ప్లస్. కొలతలో దొర్లిన పొరపాట్లయితే ఇలా గుంపులు గుంపులుగా రావు, చెల్లాచెదురుగా వస్తాయి.

ఈ నమూనాకు అర్థం స్పష్టం: మన వక్రం అసలు దానికంటే కొంచెం ముందు నడుస్తోంది. పెరిగేటప్పుడు ముందే పెరిగిపోతోంది, తగ్గేటప్పుడు ముందే తగ్గిపోతోంది. కాబట్టి c ని పెంచాలి. ఎంత పెంచాలో డేటానే చెబుతుంది. మార్చి 15న 723, ఏప్రిల్ 15న 746. ఆ 31 రోజుల్లో 23 నిమిషాలు పెరిగింది కాబట్టి 728ని తాకేది n = 80.7 దగ్గర. అలాగే సెప్టెంబర్ 15న 733, అక్టోబర్ 15న 710. కిందికి దిగుతూ 728ని దాటేది n = 264.5 దగ్గర. ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో శిఖరం ఉండాలి, అది 172.6. శిఖరం నుంచి పావు ఆవర్తనం, అంటే 91.25 రోజులు, వెనక్కి వెళితే c = 81.35 వస్తుంది. ఒక్క మార్చి దాటును నమ్ముకోకుండా రెండు దాట్లనూ వాడితే ఇలా నికరమైన విలువ దొరుకుతుంది.

c = 81 పెట్టి మళ్లీ చూడండి. అక్టోబర్ తేడా 2.4 నుంచి 1.6కి, ఏప్రిల్ తేడా 2 నుంచి 1.3కి తగ్గుతాయి.

ఇంకో పరీక్ష కూడా చేయండి. పట్టికలో లేని ఒక తేదీని తీసుకోండి. ఏప్రిల్ 30కి n = 120. కింద వచ్చే మెరుగైన సూత్రం 757 నిమిషాలు ఇస్తుంది, అసలు విలువ 756. సూత్రం తయారీలో వాడని రోజు మీద ఈ ఫలితం వచ్చింది కాబట్టి దానికి విలువ ఎక్కువ.

స్ప్రెడ్‌షీట్‌లో కనిష్ఠ వర్గాల పద్ధతితో చేయొచ్చా?

చేయొచ్చు, చేయాలి కూడా. చేతి పద్ధతిలో A కోసం 12 విలువల్లో రెండింటినే వాడాం. ఆ రెండింట్లో ఒకటి తప్పయితే మొత్తం పోతుంది. c సైన్ లోపల ఇరుక్కుని ఉండటం వల్ల కష్టమనిపిస్తుంది కానీ, sin(x - y) సూత్రంతో విప్పితే అది బయటికి వచ్చేస్తుంది:

```
D(n) = m + a*sin(2πn/365) + b*cos(2πn/365)
```

ఇప్పుడు m, a, b మూడూ మామూలు గుణకాలే. B నిలువు వరుసలో n, C నిలువు వరుసలో నిమిషాలు పెట్టి ఇలా రాయండి:

```
D2:  =SIN(2*PI()*B2/365)
E2:  =COS(2*PI()*B2/365)
G2:  =LINEST(C2:C13, D2:E13)
```

D2, E2 లను 13వ అడ్డవరుస దాకా కిందికి లాగండి. LINEST జవాబులను తిరగేసి ఇస్తుంది: ముందు cos గుణకం, తర్వాత sin గుణకం, చివర m. మన డేటాకు వరుసగా సుమారు -46.5, 8, 728 వస్తాయి. దీన్ని గమనించక a, b లను తారుమారు చేసినవాళ్లకు A సరిగ్గానే వస్తుంది, c మాత్రం ఎక్కడికో పోతుంది. అందుకే ఆ తప్పు చాలాసేపు దొరకదు. A అంటే రెండు గుణకాల వర్గాల మొత్తానికి వర్గమూలం, సుమారు 47.2. c కోసం:

```
=ATAN2(a, -b)*365/(2*PI())
```

ఇందులో a, b ల చోట మీ గుణకాలున్న గడుల పేర్లు పెట్టాలి. జవాబు సుమారు 81.3. చేత్తో తీసిన 81.35కి ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఈ సూత్రంతో తేడాలన్నీ దాదాపు ఒక నిమిషం లోపలికి వచ్చేస్తాయి.

365ని కూడా డేటా నుంచే కనుక్కోవాలి కదా, ముందే ఎందుకు పెట్టేశాం?

ఏడాది పొడవు మనకు ముందే తెలుసు. తెలిసిన దాన్ని తెలియనట్టు వదిలేస్తే సూత్రం మెరుగవదు, చెడుతుంది. ముఖ్యంగా జనవరి నుంచి మే దాకా మాత్రమే డేటా ఉన్నవాళ్లు ఆవర్తన కాలాన్ని కూడా స్ప్రెడ్‌షీట్‌లోని సాల్వర్‌కు వదిలేస్తే అది 300 అయినా, 450 అయినా చెప్పగలదు. ఆ అయిదు నెలలకూ గీత చక్కగా సరిపోతుంది కూడా. డిసెంబర్‌కు పొడిగించి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

మధ్యరేఖ 12 గంటలు, అంటే 720 రావాలి కదా? 728 ఎందుకు వచ్చింది?

ఇది తప్పు కాదు. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంఖ్య ఇదే. సూర్యోదయం అంటే సూర్యబింబం పై అంచు దిగంతం మీద కనిపించిన క్షణం, బింబం మధ్య బిందువు కాదు. బింబం వ్యాసార్ధం సుమారు 16 కళలు, అంటే డిగ్రీలో అరవయ్యో వంతులు 16. దానికి తోడు గాలి పొర కాంతిని వంచడం వల్ల, సూర్యుడు ఇంకా దిగంతం కింద ఉండగానే మనకు కనిపిస్తాడు. ఆ వంపు దిగంతం దగ్గర సుమారు 34 కళలు. రెండూ కలిపి 50 కళలు. తిరుపతిలో ఆ మేరకు సూర్యుడు కదలడానికి దాదాపు మూడున్నర నిమిషాలు పడుతుంది. ఉదయం అంత, సాయంత్రం అంత, మొత్తం ఏడు నిమిషాల చిల్లర. విలువలను నిమిషాలకు సర్దడం, వక్రం సరిగ్గా సైన్ కాకపోవడం కూడా కలిసి 728 అయింది.

అందుకే తిరుపతిలో పగలు సరిగ్గా 12 గంటలుండేది మార్చి 21న కాదు, మార్చి 11, 12 తేదీల ప్రాంతంలో. మళ్లీ అక్టోబర్ 2 ప్రాంతంలో. ఇదే సంఖ్యతో మీ డేటాను కూడా పరీక్షించుకోవచ్చు. మీ మధ్యరేఖ 728కి బదులు 720 వచ్చిందంటే, మీరు వాడిన పంచాంగం బింబ మధ్యాన్ని తీసుకుని, గాలి వంపును వదిలేసి గణించిందన్నమాట. అలాంటి డేటాను ఇంకోచోటి డేటాతో కలపకండి.

గ్రాఫు దాదాపు అడ్డగీతలా వచ్చింది. ఏం జరిగింది?

మీ కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉంది, సూత్రంలో మాత్రం 2π ఉంది. అప్పుడు సైన్ లోపలి విలువ ఏడాదిలో ఎప్పుడూ 5 డిగ్రీలు కూడా దాటదు. D సుమారు 727 నుంచి 732 దాకా మెల్లగా ఎక్కి ఆగిపోతుంది. రేడియన్‌కు మార్చండి, లేదా 2π బదులు 360 రాయండి. స్ప్రెడ్‌షీట్‌లోని SIN ఎప్పుడూ రేడియన్లే తీసుకుంటుంది కాబట్టి అక్కడ 360 రాయకూడదు.

సైన్ రాయాలా, కొసైన్ రాయాలా?

ఏదైనా ఒకటే. కొసైన్ రాస్తే c శిఖరం తేదీ అవుతుంది: 81.3 + 91.25, అంటే సుమారు 172.5. n = 172 అంటే జూన్ 21. మీ జవాబు సరైనదో కాదో చూసుకోవడానికి ఇదొక తేలిక దారి.

ఆ మిగిలిన ఒక నిమిషం తేడా ఎందుకు పోదు?

ప్రకృతిలో పగటి పొడవు సరిగ్గా సైన్ కాదు కాబట్టి. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా కదులుతుంది, జులై మొదట్లో దూరంగా ఉండి నెమ్మదిస్తుంది. దాంతో మార్చి విషువత్తు నుంచి సెప్టెంబర్ విషువత్తుకు సుమారు 186 రోజులు పడితే, తిరిగి రావడానికి 179 రోజులే పడుతుంది. శుద్ధ సైన్‌కు రెండు సగాలూ సమానం. ఇంకో సంగతి, పగటి పొడవు సూర్యుడి క్రాంతికి, అంటే భూమధ్యరేఖ తలానికి సూర్యుడు ఉత్తరంగానో దక్షిణంగానో ఎన్ని డిగ్రీలు ఎడంగా ఉన్నాడో ఆ కోణానికి, టాంజెంట్ మీద ఆధారపడుతుంది. అందువల్ల జూన్, డిసెంబర్ కొసలు సైన్ కంటే కొంచెం కోసుగా ఉంటాయి. LINEST ఇచ్చిన A 48 కాక 47.2 కావడానికి కారణం అదే: అది రెండు కొసల కోసం మిగతా పది నెలలను బలిపెట్టదు. ప్రాజెక్టులో ఈ తేడాను దాచకండి, తేడాల గ్రాఫు గీసి కారణం రాయండి.

ఉత్తరాయణం సంక్రాంతి నుంచి కదా? మరి మీ వక్రంలో పగలు డిసెంబర్ 21 తర్వాతే ఎందుకు పెరుగుతోంది?

తాతయ్యలతో కూర్చుని ప్రాజెక్టు చేసిన పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. పగలు పెరగడం మొదలయ్యేది డిసెంబర్ 21, 22 తేదీల్లోనే. మా పట్టికలో కూడా జనవరి 15 నాటికి డిసెంబర్ 15 కంటే నాలుగు నిమిషాలు పెరిగిపోయింది. మకర సంక్రాంతిని మన పంచాంగాలు నక్షత్రాల ఆధారంగా, అంటే నిరయన పద్ధతిలో గణిస్తాయి. భూమి అక్షం సుమారు 26 వేల ఏళ్లకు ఒక చుట్టు చొప్పున మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల, ఆ నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ మధ్య ఇప్పుడు 24 డిగ్రీల దాకా ఎడం ఏర్పడింది. అదే అయనాంశ. రెండు తేదీల మధ్య మూడు వారాల పైచిలుకు తేడా అక్కడి నుంచి వచ్చింది. పండుగ తేదీ దాని లెక్క ప్రకారం సరైనదే. c మాత్రం రుతువుల లెక్కకు చెందింది.

మాది చిత్తూరు. సూత్రం మారుతుందా?

m, c మారవు. చిత్తూరు అక్షాంశం సుమారు 13.2 డిగ్రీలు, కాబట్టి A ఒకటిన్నర నిమిషం తగ్గుతుంది, అంతే. ఢిల్లీకి వెళితే మాత్రం అతి పెద్ద పగలు సుమారు 13 గంటల 58 నిమిషాలు, అతి చిన్నది 10 గంటల 19 నిమిషాలు, A దాదాపు 109. అక్కడా c మార్చి 21 చుట్టుపక్కలే ఉంటుంది. A ఒక్కటే అక్షాంశాన్ని చెబుతుంది.

జాతరలో జెయింట్ వీల్ ఎత్తుకు ఇదే పద్ధతి పనికొస్తుందా?

చక్రం ఒకే వేగంతో తిరుగుతున్నంతసేపూ ఎత్తు అచ్చంగా సైనే. m ఇరుసు ఎత్తు, A చక్రం వ్యాసార్ధం. కానీ జనాన్ని ఎక్కించుకుంటూ ఆగి ఆగి కదిలేటప్పుడు తీసిన వీడియో నుంచి కొలతలు తీసుకుంటే సరిపోదు. పూర్తి వేగం అందుకున్నాక వచ్చే చుట్లనే తీసుకోండి.

సముద్రపు పోటుపాటుకు?

ఒక్క సైన్‌తో కుదరదు. చంద్రుడి వల్ల వచ్చే ప్రధాన పోటుకు ఆవర్తన కాలం సుమారు 12 గంటల 25 నిమిషాలు, సూర్యుడి వల్ల వచ్చేదానికి సరిగ్గా 12 గంటలు. ఒక రోజు డేటాకు ఒక సైన్ సరిపోయినట్టే ఉంటుంది. వారం గడిచేసరికి రెండింటి మధ్య ఎడం పెరిగి పోటు ఎత్తు మారిపోతుంది. అమావాస్య, పౌర్ణమి ప్రాంతాల్లో రెండూ కలిసి ఎక్కువవుతాయి, అష్టమి ప్రాంతాల్లో తగ్గుతాయి. LINESTలో రెండు ఆవర్తన కాలాలకూ విడివిడిగా sin, cos నిలువు వరుసలు పెట్టి, కనీసం 15 రోజుల గంటవారీ డేటా ఇస్తే అప్పుడు ఆ రెండు పోట్లూ విడివిడిగా తేలతాయి.